సూదక్క సంచిలో ఏముంది?

అంగన్‌వాడీలో ‘మన సహాయకులు’ అనే అంశం మొదలుపెట్టే రోజున గోడకు ఒక చార్టు ఎక్కుతుంది. తెల్లకోటు డాక్టరు, ఖాకీ బట్టల పోలీసు, భుజాన సంచితో పోస్ట్‌మాన్, ఎర్రబండి పక్కన ఫైర్‌మాన్. వారం తిరిగేసరికి పిల్లలు ఆ పేర్లన్నీ గడగడా చెప్పేస్తారు. డాక్టరు ఏం చేస్తాడంటే ‘మందిస్తాడు’ అని ఒకే గొంతుతో అంటారు. ఆ తర్వాత వచ్చే బుధవారం ఏఎన్ఎం టీకాల డబ్బా పట్టుకుని గుమ్మంలోకి రాగానే, నిన్నటిదాకా చార్టు మీద వేలు పెట్టి చూపించిన పిల్లే ఆయా కొంగు వెనక దాక్కుంటుంది. చార్టులో నేర్చుకున్నదానికీ గుమ్మంలో నిలబడ్డ మనిషికీ ఆ పిల్ల మనసులో ఏ సంబంధమూ లేదు.

సంబంధం లేకపోవడానికి కారణం ఉంది. మనం పాఠం మొదలుపెట్టకముందే ఇంట్లో ఇంకో పాఠం అయిపోయి ఉంటుంది. ‘అన్నం తినకపోతే సూది వేయిస్తా’, ‘అల్లరి చేస్తే పోలీసోళ్లకు పట్టిస్తా.’ నాలుగేళ్ల పిల్లకు సూది వేసే అక్క, పోలీసు ముందుగా పరిచయమయ్యేది బెదిరింపులోనే. అందుకే ఈ అధ్యాయంలో మూడు వారాల ప్రణాళికను డాక్టరుతో, పోస్ట్‌మాన్‌తో కాకుండా, పిల్లలు భయపడే ఒక మనిషి చుట్టూ అల్లుతున్నాం. ఆ మనిషి ఏఎన్ఎం. నంద్యాల జిల్లా గడివేముల లాంటి మండల కేంద్రంలో, నాలుగు నుంచి ఐదేళ్ల పిల్లలు 18 మంది వచ్చే కేంద్రాన్ని మనసులో పెట్టుకుని చదవండి. మీ దగ్గర పిల్లలు ఎక్కువైనా తక్కువైనా వరస మాత్రం ఇదే: ముందు బాగా దగ్గరి మనిషి, తర్వాత వీధిలో మనుషులు, చివర భయపెట్టే మనిషి.

మొదటి వారం ఆయాతోనే మొదలుపెట్టండి. పిల్లలు రోజూ చూసే పని ఆమెది. అయినా ఆ పనిని వాళ్లు నిజంగా చూసి ఉండరు, కంచంలోకి వచ్చిన అన్నాన్నే చూసి ఉంటారు. ఆరేసి మంది చొప్పున పిల్లల్ని వంటగది గుమ్మం దగ్గర కూర్చోబెట్టండి, పొయ్యికి ఒక బారెడు దూరంలో, దాటకూడదని నేల మీద సుద్దగీత గీసి. పది నిమిషాలు చాలు. ‘ఏం చేస్తోంది?’ అని అడగకుండా ‘ఏం వినపడుతోంది?’ అని అడగండి. బియ్యం కడిగే చప్పుడు, మూత పడిన చప్పుడు, కుక్కరు కూత. చప్పుడు దగ్గర పిల్లల నోటికి మాటలు తొందరగా వస్తాయి. బెరుకుతో నోరు విప్పని పిల్లలు కూడా ‘చెర్ చెర్’ మంటుందని చెప్తారు.

ఆ చప్పుళ్లనుంచే పాట కట్టండి. ‘మనకు సేవ చేసే అమ్మా, నీకు వందనం’ తరహా పాటలో పిల్ల చేతికి చేసేందుకు ఏమీ ఉండదు, దండం పెట్టడం తప్ప. పాటలో పని ఉండాలి. కిండర్‌గార్టెన్ అనే ఆలోచనకు 1837లో జర్మనీలో రూపమిచ్చిన ఫ్రోబెల్ ఈ సంగతి గట్టిగా పట్టుకున్నాడు. 1844లో ఆయన వేసిన తల్లుల పాటల పుస్తకంలో రొట్టెలు కాల్చేవాడూ వడ్రంగీ బొగ్గులు కాల్చేవాడూ ఉన్నారు. ప్రతి పాటకూ వేళ్లతో, చేతులతో ఆ పనిని అభినయించే ఆట ఉంది. మన అభినయ గేయం కూడా ఇలాంటిదే. అందరికీ తెలిసిన ఏదో ఒక వరసలో ఇలా పాడించవచ్చు:

ఆయమ్మా ఆయమ్మా, ఏం పని నీది?
బియ్యం కడిగే పని – చెర్ చెర్ చెర్!
ఆయమ్మా ఆయమ్మా, ఇంకేం పని నీది?
పప్పు ఎనిపే పని – గుద గుద గుద!
ఆయమ్మా ఆయమ్మా, ఇంకేం పని నీది?
గిన్నెలు తోమే పని – గర గర గర!

అడిగే చరణం అందరిదీ, జవాబు ఒక్కరిదీ. జవాబులో చప్పుడు పిల్లలు పెట్టినదే ఉండాలి. ఒక పిల్లవాడు తోమే చప్పుడును ‘కిర్ కిర్’ అంటే ఆ పూట ‘కిర్ కిర్’ అనే పాడండి, దిద్దవద్దు. మొదటి రోజు రెండు చరణాలు మించి వద్దు. మూడో రోజుకు చరణాలు వాళ్లే కలుపుతారు. అలా కలపడం మొదలైందంటే పాట వాళ్లకు పట్టుబడినట్టే. నాలుగో రోజుకు కూడా మీతో పాటు గొణుగుతున్నారే తప్ప కొత్త చప్పుడు రాలేదంటే పాట పొడుగైపోయిందని అర్థం, మళ్లీ రెండు చరణాలకు తెచ్చేయండి.

వారం చివర మొదటి బొమ్మ. పిల్లకు ఒక సగం కాగితం, మూడు నాలుగు క్రేయాన్లు. అచ్చు వేసిన బొమ్మలో రంగులు నింపే కాగితం ఇవ్వకండి. గీత దాటకుండా రంగు నింపడమే అక్కడ పని అయిపోతుంది, ఆ మనిషి గురించి పిల్లకు ఏం తెలుసో కాగితం మీదకు రాదు. ‘ఆయమ్మ పని చేస్తోంది, వేసి చూపించు’ అనండి. ‘ఆయమ్మ బొమ్మ వేయి’ అంటే నిలబడ్డ మనిషి వస్తుంది. ‘పని చేస్తోంది’ అంటే చేతులు వస్తాయి. ఈ వయసులో చాలామంది ఒక గుండ్రటి తల, దానికే కాళ్లు, దానికే చేతులు వేస్తారు. పొట్ట ఉండదు. అది లోపం కాదు, ఆ వయసు బొమ్మ అలాగే ఉంటుంది. పిల్లకు ముఖ్యమనిపించింది పెద్దదిగా వస్తుంది. పప్పుగుత్తి ఆయమ్మ కంటే పొడుగ్గా ఉందంటే ఆ పిల్ల ఎక్కడ చూసిందో మీకు తెలిసిపోయినట్టే.

బొమ్మ పూర్తయ్యాక ‘దీని గురించి చెప్పు’ అని అడిగి, పిల్ల చెప్పిన వాక్యాన్ని కింద ఉన్నది ఉన్నట్టు రాయండి. ‘ఆయమ్మ పప్పు ఎనుపుతాంది, నాకు శానా పెడ్తది’ అంటే అదే రాయాలి, ‘ఆయమ్మ పప్పు వండుతోంది’ అని బడి భాషలోకి మార్చకూడదు. తన మాటే కాగితం మీదికి ఎక్కిందని ఆ పిల్లకు తెలియాలి. వెనక తేదీ వేసి దాచండి. ఈ బొమ్మ రేపు పనికొస్తుంది.

రెండో వారం వీధి. గడివేములలో అంగన్‌వాడీ దాటి ఇరవై నిమిషాలు నడిస్తే చాలు, పాలు పోయించుకునే చోటు, మిషన్ కుట్టే అక్క, బస్సు ఆగే చోటు, చెత్తబండి, ఒక్కోసారి స్తంభం ఎక్కిన లైన్‌మన్ కనపడతారు. ఒక తాడుకు ముడులు వేసి, ముడికి ఒక్కరు పట్టుకుని, ముందు ఒకరు వెనక ఒకరు పెద్దవాళ్లతో నడవండి. మధ్యలో ఎక్కడైనా ఒకచోటే ఆగండి. రెండు చోట్ల ఆగితే రెండోది ఎవరికీ గుర్తుండదు. కేసీ కాలువ కింది ఊళ్లలో తూము తలుపు ఎత్తి దించే లస్కర్ ఎంతో మంచి ఉదాహరణ, పిల్లల ఇళ్లలో వరి ఆయన తిప్పే చక్రం మీదే ఆధారపడి ఉంటుంది. కానీ పిల్లల్ని కాలువ గట్టుకు తీసుకుపోవద్దు. ఆయన్నే పిలిపించి, ఆవరణలో కుళాయి దగ్గర కాసేపు మాట్లాడించండి.

పక్క ఊరికి పోతే ఈ జాబితా మారిపోవాలి. గని గ్రామంలో అయితే చుట్టూ సోలార్ పలకలే, వాటి మధ్య పనిచేసే నాన్నలు ఉంటారు. బిలకలగూడూరులో సిమెంటు ఫ్యాక్టరీకి లారీ తోలే మామ ఉంటాడు. ఆళ్లగడ్డలో ఉలి చప్పుడుతో రాయి చెక్కేవాళ్లు ఉంటారు. మిరప కోతకు పోయే అమ్మ ఏ ఊళ్లోనైనా ఉంటుంది. పిల్లలు చెప్పిన పేర్లతోనే జాబితా వేయండి. ‘మా అమ్మ మిరపకాయలు తెంపుతది’ అని ఒక పిల్ల అంటే, ఆమె కూడా జాబితాలోకి ఎక్కాలి. ఆ కారం లేకుండా ఎవరింట్లో కూర ఉంటుంది?

ఇక్కడ ఒక్క విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. పాత చార్టుల్లో చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి అని కులాల పేర్లనే పనుల పేర్లుగా వేశారు. తరగతిలో ఆ ఇంటి పిల్ల కూర్చుని ఉంటుంది. అందరి వేళ్లూ ఆ పిల్ల వైపు తిరిగాయంటే మనం నేర్పింది సహాయకుల గురించి కాదు. ‘బట్టలు ఇస్త్రీ చేసే మామ’, ‘జుట్టు కత్తిరించే అన్న’, ‘కుండలు చేసే తాత’ అని పనితో చెప్పండి. మగవాళ్ల పని, ఆడవాళ్ల పని అనే గీత కూడా ఇక్కడే పడిపోతుంది కాబట్టి, టైలర్ అన్న ఒకరోజు, కండక్టర్ అక్క ఒకరోజు మాటల్లోకి రానివ్వండి. 108 బండి కూత అందరికీ తెలుసు. మన రాష్ట్రంలో ఆ బండి 2005 ఆగస్టు 15న మొదలైంది, అంటే మీ పిల్లల తల్లుల్లో చాలామంది దాని కూత వింటూనే పెరిగారు. దాని గురించి ఒక పూట ఆడి వదిలేయవచ్చు.

రెండో వారం చివర, ఎవరికీ ఏమీ చెప్పకుండా రెండో బొమ్మ వేయించండి. ‘సూది వేసే అక్క వచ్చింది, వేసి చూపించు.’ ఈ బొమ్మ కోసమే రెండు వారాలుగా చేతులకు అలవాటు చేశాం. కొందరు మనిషిని వేయకుండా సూదిని మాత్రమే వేస్తారు, కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా. కొందరు అక్కను ఒక మూల వేసి తమను ఇంకో మూల వేస్తారు. కొందరు వేయనని కాగితం బోర్లిస్తారు, అప్పుడు బలవంతం వద్దు, అలా బోర్లించింది కూడా తేదీ వేసి దాచండి. ఈ బొమ్మ చూసి ‘ఈ పిల్లకు భయం ఎక్కువ’ అని ముద్ర వేయడానికి మనకు అధికారం లేదు. ఒక్క బొమ్మ అంత చెప్పదు. మూడో బొమ్మ పక్కన పెట్టి చూసుకోవడానికి మాత్రమే ఇది.

ఇక మూడో వారం. ఏఎన్ఎం ఎప్పుడు రావాలి అన్నదే ముందు తేల్చుకోవాలి. మన దగ్గర టీకాలు సాధారణంగా బుధ, శనివారాల్లో వేస్తారు, ఊరి వంతు వచ్చిన రోజు చాలా చోట్ల అంగన్‌వాడీలోనే వేస్తారు. మీ ఊరి వంతు ఏ వారంలో వస్తుందో ఆశాను అడిగి, ఆ వారం కాకుండా చూసుకోండి. సోమవారం నవ్వుతూ బొమ్మలాడిన అక్క బుధవారం అదే గదిలో సూది తీస్తే, పిల్లలకు మొదటి రోజు మోసంగా కనపడుతుంది. టీకాలు లేని వారంలో గురువారమో శుక్రవారమో, పొద్దున పదిన్నర ప్రాంతంలో, పిల్లల కడుపు నిండి నిద్ర రాకముందు అయితే బాగుంటుంది.

ఆమెతో ముందురోజే పావుగంట మాట్లాడండి. ఇది వదిలేస్తే మిగతాదంతా పాడవుతుంది. మూడు సంగతులు చెప్పాలి. సిరంజి, సూది, ఐరన్ సిరప్పు ఏవీ తేవద్దు. కుర్చీలో కాకుండా చాప మీద కూర్చోవాలి. ‘నొప్పి పెడుతుందా’ అని ఎవరైనా అడిగితే ‘పెట్టదు’ అని చెప్పకూడదు. మూడోది ఆమెకు కొత్తగా ఉండవచ్చు, ఎందుకంటే ఏడ్చే పిల్లతో ‘ఏం కాదు, ఏం కాదు’ అనడం అందరికీ అలవాటే. టీకా నొప్పి తగ్గించడం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో, పిల్లలతో భయపెట్టే మాటలూ వద్దు, అబద్ధపు ధైర్యం చెప్పే మాటలూ వద్దు అని ఉంది. పెట్టదన్నాక పెడితే, పిల్ల ఆ తర్వాత ఆమె చెప్పే ఏ మాటా నమ్మదు.

ఏం తేవాలో కూడా చెప్పండి: స్టెతస్కోపు, బరువు తూచే యంత్రం, జబ్బ చుట్టుకొలత తీసే రంగుల టేపు, టీకాలు లేని ఖాళీ వ్యాక్సిన్ క్యారియర్, అందులో పెట్టే ఐస్ ప్యాకులు. అన్నింటిలోనూ పిల్లల్ని పట్టేసేది ఆ ఐస్ ప్యాకే. క్యారియర్‌లో నాలుగు వైపులా నాలుగు పెడతారు. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండకు పాలు విరిగినట్టు మందు వేడికి చెడిపోతుంది, అది పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది. కానీ డీపీటీ లాంటి మందు గడ్డకట్టినా చెడిపోతుంది. అందుకే ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకును వెంటనే డబ్బాలో పెట్టరు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తారు. లోపల నీళ్ల చప్పుడు వినపడితేనే డబ్బాలోకి. ఈ పని పిల్లల చేత చేయించవచ్చు. ఒకటి గట్టిగా గడ్డకట్టింది, ఒకటి కరగడం మొదలైంది, రెండూ చేతులు మారుతూ పోనివ్వండి. ‘దీంట్లో చప్పుడు లేదు, దీంట్లో ఉంది’ అని నాలుగేళ్ల పిల్ల కూడా చెప్పేస్తుంది. అప్పుడు ఆమె అడగాలి: ‘ఏది డబ్బాలో పెట్టమంటావు?’ పిల్ల ఎంచి ఇచ్చినదాన్ని ఆమె డబ్బాలో పెట్టాలి. వాళ్లకు ఇన్నాళ్లూ ఆ డబ్బా అంటే సూది ఉండేది. ఇప్పుడు అందులో చెడిపోకుండా కాపాడాల్సిన మందు ఉంటుంది, దాన్ని కాపాడే పనిలో తామూ ఒక చెయ్యి వేశారు.

సందర్శన మొత్తం ఇరవై అయిదు నిమిషాలు మించకూడదు. మొదటి అయిదు నిమిషాలు ఆమె ఏమీ మాట్లాడకుండా ఒక బొమ్మను బరువు తూచి, టేపుతో జబ్బ కొలిచి, బొమ్మ పేరు అడిగి కార్డు మీద రాస్తే చాలు. దూరంగా ఉన్న పిల్లలు వాళ్లంతట వాళ్లే జరుగుతారు. తర్వాత స్టెతస్కోపు. ఒకరి గుండె ఇంకొకరు వినాలి, మధ్యలో చెవి గొట్టాలు స్పిరిట్ దూదితో తుడవాలి. పద్దెనిమిది మందికీ అవకాశం రావాలంటే సగం మంది ఐస్ ప్యాకుల దగ్గర, సగం మంది గుండె దగ్గర ఉండి మారాలి. రానన్న పిల్లను రమ్మనకండి. ఆయా ఒడిలో కూర్చుని చూసినా చూసినట్టే.

చివరి అయిదు నిమిషాలు ప్రశ్నలవి. ప్రశ్నలు ముందురోజే పిల్లల దగ్గర సేకరించి, పక్కన అడిగినవాళ్ల గుర్తుగా చిన్న బొమ్మ వేసి పెట్టుకోండి, లేకపోతే ఆమె ముందు అందరూ నోరు మూసుకుంటారు. పిల్లల ప్రశ్నలు ఇలా ఉంటాయి: ‘నీకు గూడా సూది ఏస్తారా?’, ‘నువ్వు ఏడ్చినావా?’, ‘మీ ఇల్లు యాడుంది?’, ‘సూది ఎనక్కు ఎందుకు దాస్తావు?’ ఆఖరి ప్రశ్నకు ఆమె నిజమైన జవాబు ఇవ్వగలిగితే ఆ పూట పండినట్టే. ‘నువ్వు చూస్తే కదులుతావని దాస్తా, కదిలితే ఎక్కువ నొప్పి పెడుతుందని’ అంటే పిల్లలు ఆలోచనలో పడతారు.

ఎక్కడ చెడుతుందో కూడా తెలిసి ఉండాలి. వచ్చిన మనిషి లేచి నిలబడి, చేతులు కడుక్కోవాలి, గుడ్లు తినాలి, బాగా చదువుకోవాలి అని మొదలుపెట్టడం మామూలుగా జరిగేదే. పిల్లలు చాప పోగులు పీకుతున్నారంటే, తలుపు వైపు చూస్తున్నారంటే మాటలు ఎక్కువయ్యాయని గుర్తు. అప్పుడు ఆమె మాటను ఆపనక్కర్లేదు, బొమ్మను ఆమె చేతికివ్వండి, మాట పనిలోకి మళ్లుతుంది. రెండోది ఫొటోలు. గ్రూపులో పెట్టడానికి ఫొటో కావాలంటే అన్నీ అయ్యాక ఒకటి తీసుకోవచ్చు, గుండె వినే పిల్లను తల ఎత్తమనకండి. మూడోది అన్నిటికంటే పెద్ద ప్రమాదం. ఎవరో ఒకరు, చూడవచ్చిన అమ్మమ్మ కావచ్చు, సరదాకు ‘అల్లరి చేస్తే అక్క సూది వేస్తుంది చూడు’ అంటారు. అప్పుడు ఊరుకోకూడదు, వెంటనే, నవ్వుతూనే, పిల్లలకు వినపడేటట్టు చెప్పాలి: ‘లేదు, అల్లరికి సూది వేయరు. జబ్బు రాకుండా వేస్తారు.’

ఆ రోజు పాట ముందునుంచీ నేర్పిన వరసలోనే ఉండాలి, చప్పుళ్లు మాత్రం ఆమె వస్తువులవి:

సూదక్కా సూదక్కా, సంచిలో ఏముంది?
గుండె మాట వినే గొట్టం – లబ్ డబ్, లబ్ డబ్!
సూదక్కా సూదక్కా, డబ్బాలో ఏముంది?
చల్ల చల్లని నీళ్ల బిళ్ల – గల గల గల గల!
సూదక్కా సూదక్కా, సూది నొప్పేనా?
అవును పాపా, కాస్త నొప్పే – ఊదుదాం ఉఫ్ ఉఫ్ ఉఫ్!

‘ఉఫ్’ దగ్గర అందరూ అరచేతిలో ఉన్న దూదిని ఊదాలి. రోజూ పాడితే ఊదడం ఒంటికి అలవాటవుతుంది. ఆమె వెళ్లేముందు తన పేరు చెప్పి, తనను ఏమని పిలవాలో తానే చెప్పాలి. మర్నాటి నుంచి పాటలో ‘సూదక్క’ స్థానంలో ఆ పేరు పెట్టి పాడించండి.

మర్నాడు ఒక మూల ఆసుపత్రి ఆట పెట్టండి: ఒక పాత థర్మాకోల్ డబ్బా, నీళ్లు పోసి మూత బిగించిన చిన్న సీసాలు రెండు, దూది, టేపు ముక్క, రెండు బొమ్మలు, చీర ముక్క. సిరంజి మాత్రం పెట్టకూడదు, సూది తీసేసినదైనా, కొత్తదైనా. ఒక పెన్ను మూతో పుల్లో చాలు. మొదటి రెండు రోజులు ఆట భయంకరంగా ఉంటుంది. ఒక్కో బొమ్మకు పది పన్నెండు సూదులు పడతాయి, బొమ్మను కొడతారు, ‘ఏడిస్తే ఇంకోటి ఏస్తా’ అంటారు. ఆపకండి. తమ మీద జరిగినదాన్ని తాము ఇంకొకరి మీద చేసి చూసుకోవడం పిల్లలు భయాన్ని అరిగించుకునే పద్ధతి. మూడు నాలుగు రోజులకు ఆటలో కొత్త పనులు రావాలి: సీసాను చెవి దగ్గర ఊపడం, దూది పెట్టి అదమడం, బొమ్మను ఒళ్లో కూర్చోబెట్టడం, ‘ఉఫ్’ అనడం. ఇవి కనపడితే ప్రణాళిక పనిచేసిందనుకోండి. వారం దాటినా ఒక పిల్ల ఆటలో సూదులు తప్ప మరేమీ లేదంటే మీరే వెళ్లి ఆటలో బొమ్మకు అమ్మగా కూర్చోండి. ‘అక్కా, మా పాపకు భయమేస్తోంది, ఏం చేయమంటావు?’ అని అడగండి. జవాబు ఆ పిల్ల వెతుక్కోవాలి.

మూడో బొమ్మ ఈ ఆట మొదలైన వారానికి వేయించండి. రెండో బొమ్మ, మూడో బొమ్మ పక్కపక్కన పెట్టి చూడండి. సూది చిన్నదైందా, మనిషికి ముఖం వచ్చిందా, డబ్బా వచ్చిందా, పిల్ల తనను అక్కకు దగ్గరగా వేసుకుందా. కొందరి బొమ్మల్లో ఏ మార్పూ ఉండదు, ఆటలో మాత్రం మార్పు కనపడుతుంది. అలాంటప్పుడు ఆటనే నమ్మండి. నాలుగేళ్ల చేతికి ఒకసారి పట్టుబడిన బొమ్మ తేలిగ్గా మారదు.

తల్లుల సమావేశంలో బొమ్మలు గోడకు అంటించి, ఒక్కటే కోరండి: ఇంట్లో సూది పేరుతో, పోలీసు పేరుతో భయపెట్టవద్దని. అది ఎలా చెప్పాలన్నది కూడా ముఖ్యమే. పిల్లలను ఎక్కువగా చూసుకునేది అవ్వలు. వాళ్లను తప్పు పట్టినట్టు మాట్లాడితే వినరు. ‘అవ్వా, సూది పేరు చెప్తే ఈ పొద్దు అన్నం తింటాడు నిజమే, టీకా నాడు మాత్రం మన చేతికి చిక్కడు’ అంటే ఆమెకు తన అనుభవమే గుర్తొస్తుంది. దాని బదులు ఏమనాలో కూడా చెప్పండి: ‘రెండు ముద్దలు తిను, తర్వాత ఆడుకుందువు’ లాంటి ఏదైనా మాట, సూది లేనిది.

ఈ వయసు పిల్లలకే ఇది ఎందుకు కుదురుతుందంటే, డీపీటీ రెండో బూస్టర్ అయిదు నుంచి ఆరేళ్ల మధ్య వేస్తారు. మీ కేంద్రంలో ఉన్నవాళ్లలో కొందరికి ఆ వంతు త్వరలోనే వస్తుంది. తల్లి కార్డు చూసి ఎవరెవరికి ఎప్పుడో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ రోజున పిల్లను పడుకోబెట్టి నలుగురు పట్టుకోవడం వద్దు, అమ్మ ఒడిలో నిటారుగా కూర్చోవాలి. ‘ఈ రోజు సూది ఉంది’ అని పొద్దున్నే చెప్పాలి. బడికి అని తీసుకొచ్చి సూది వేయిస్తే పిల్ల మరుసటి రోజు కేంద్రం గుమ్మం కూడా ఎక్కదు. ఏఎన్ఎం కన్నా ముందు మీరు ఆ పిల్ల పక్కన కూర్చుని పాట ఎత్తుకోండి, ఊదే చరణం దగ్గరకు వచ్చేసరికి ఆమె తన పని చేసేస్తుంది. పిల్ల ఏడిస్తే ఏడవనివ్వండి. నొప్పి పెడుతుందని పాటలోనే చెప్పాం కాబట్టి ఏడుపులో వింతేమీ లేదు. కాసేపటికి దూది చేత్తో అదిమి పట్టుకుని ఆసుపత్రి ఆట ఉన్న మూలకు నడిచిందంటే, ఆ బొమ్మకు ఇంకో టీకా పడబోతోందన్నమాట, దారి ఇవ్వండి.